గద్దింపు తీసేసినా బాకీ బాకీయే

‘సర్/మేడమ్, మా రికార్డుల ప్రకారం మీ ఖాతాలో రూ. 4,72,000 బకాయి ఉన్నట్లు గమనించడమైనది. పలుమార్లు గుర్తుచేసినప్పటికీ మీ నుంచి ఎలాంటి స్పందన లేదు. ఈ లేఖ అందిన 7 రోజుల్లోగా చెల్లించని పక్షంలో తదుపరి నోటీసు లేకుండానే చట్టపరమైన చర్యలు చేపట్టవలసి వస్తుందని, తత్సంబంధమైన ఖర్చులకు, పర్యవసానాలకు మీరే పూర్తి బాధ్యులని తెలియజేయడమైనది. ఇప్పటికే చెల్లించి ఉంటే ఈ లేఖను పట్టించుకోనవసరం లేదు. ఇది కంప్యూటర్ తయారుచేసిన లేఖ, సంతకం అవసరం లేదు. దయచేసి ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు.’

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి చిన్న పరిశ్రమ నుంచీ ఇలాంటి ఉత్తరం ఏదో ఒకటి వెళ్తూనే ఉంటుంది. సాధారణంగా ఇంగ్లిష్‌లో వెళ్తుంది. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. పంపించేవాళ్లకు దీని మీద ఒక నమ్మకం. చదవడానికి కటువుగా ఉన్నా కోర్టుకు వెళ్లాల్సి వస్తే నిలబడుతుందని, కాస్త మెత్తగా రాస్తే హక్కు జారిపోతుందని. ఈ ఉత్తరాన్ని వకీలు కళ్లతో ఒకసారి చదివితే ఆ నమ్మకం నిలవదు. ఇందులో బిల్లు నంబరు లేదు. సరుకు ఎప్పుడు చేరిందో లేదు. గడువు ఏ రోజుతో తీరిందో, వడ్డీ ఎంతో, ఏ చట్టం ప్రకారమో లేదు. ఉన్నదల్లా గొంతు పెంచడమే. పైగా, అవతలివాడు జవాబు రాసే దారిని తానే మూసేసింది. అది ఎంత నష్టమో తర్వాత చెబుతాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్ జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే చిన్న పరిశ్రమ ఉందనుకోండి. గుంటూరులో కారం, మసాలా పొడులు ప్యాక్ చేసే కంపెనీ దానికి పాత పార్టీ. పెట్టె 50 రూపాయల చొప్పున 8,000 పెట్టెలు, అంటే 4 లక్షలు. అప్పటి 18 శాతం జీఎస్టీ కలిపితే 4,72,000. బిల్లు తేదీ 2024 జూన్ 10. లారీ గుంటూరు గోడౌన్‌కు చేరింది జూన్ 12న. దారిలో వానకు 160 పెట్టెలు తడిశాయని జూన్ 20న పార్టీ మెయిల్ పెట్టింది. జీడిమెట్ల వాళ్లు వాటిని మార్చి జూన్ 29న కొత్తవి అందించారు. గుంటూరు కంపెనీ ఇచ్చిన పీవోలో 60 రోజుల క్రెడిట్ అని రాసి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మొదట పెట్టినప్పటి 30 రోజులే అలాగే ఉండిపోయింది.

ఈ బిల్లుకు గడువు ఎప్పుడు తీరింది? సాఫ్ట్‌వేర్‌ను అడిగితే బిల్లు తేదీ నుంచి 30 రోజులు లెక్కేసి జూలై 10 అంటుంది. పార్టీని అడిగితే పీవో చూపించి ఆగస్టు చివరి దాకా లాగుతుంది. చట్టం ఈ రెండింటినీ ఒప్పుకోదు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, వాడుకలో ఎంఎస్‌ఎంఈడీ చట్టం, ఈ విషయాన్ని పెద్దగా మెలికలు లేకుండానే చెప్పింది. రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువు ఉంటే ఆ రోజులోగా కట్టాలి. కానీ ఆ గడువు, సరుకును అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. పీవోలో 60 అని రాసినా, 90 అని రాసినా 45 దగ్గరే ఆగుతుంది. రాతకోతలేమీ లేకపోతే 15 రోజులే. ఇక ‘అంగీకరించిన రోజు’ అంటే మామూలుగా సరుకు చేరిన రోజే. అయితే చేరిన 15 రోజుల్లోగా కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్ని అమ్మినవాళ్లు తీర్చిన రోజు అవుతుంది.

మన ఉదాహరణలో జూన్ 12న సరుకు చేరింది, 20న మెయిల్ వచ్చింది. అంటే 15 రోజుల్లోపే. కాబట్టి లెక్క జూన్ 29 నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి 45 రోజులంటే ఆగస్టు 13. ఆ మర్నాటి నుంచి వడ్డీ.

పైన చూపిన యంత్రపు ఉత్తరం జూలై 11 నుంచే వారం వారం వెళ్లిపోయి ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. గడువు తీరకుండానే ‘పలుమార్లు గుర్తుచేసినప్పటికీ’ అని తిట్టించుకున్న పార్టీ, గడువు నిజంగా తీరాక వచ్చిన ఉత్తరాన్ని కూడా ఆ కుప్పలోనే పడేస్తుంది. ఉత్తరం మనిషి రాసినట్టు లేకపోవడానికి మొదటి కారణం భాష అనుకుంటాం. నా లెక్కలో అది రెండోది. ఆ 160 పెట్టెల సంగతి రాసినవాళ్లకు తెలియకపోవడం మొదటిది. పెట్టెలు తడవడం, మార్చి ఇవ్వడం తెలిసిన మనిషి ఎవరూ ఆ ఉత్తరం అలా రాయరు.

అందుకే మూసను బాగుచేసే పని భాష దగ్గర కాకుండా దాని కింద ఉన్న లెక్క దగ్గర మొదలవ్వాలి. సాఫ్ట్‌వేర్‌లో బిల్లు తేదీ మాత్రమే ఉంటే చాలదు. డెలివరీ తేదీ, 15 రోజుల్లోగా వచ్చిన అభ్యంతరమైతే దాన్ని తీర్చిన తేదీ, పీవోలోని క్రెడిట్ రోజులు కూడా ఎక్కించాలి. అప్పుడు గడువు ఇలా వస్తుంది:

```
accept_date = objection_cleared_date or delivery_date
credit_days = po_credit_days or 15
due_date    = accept_date + timedelta(days=min(credit_days, 45))
```

అభ్యంతరం ఇంకా తీరకపోతే? అప్పుడు ఉత్తరమే వెళ్లకూడదు. ఆ ఒక్క షరతు పెడితే సగం గొడవలు పుట్టకుండానే పోతాయి.

ఇప్పుడు మాటల దగ్గరకు వద్దాం. మూసలోని ఒక్కో వాక్యాన్ని తీసి చూడండి: ఇది లేకపోతే రేపు విచారించేవాళ్లు అడిగే ఏ ప్రశ్నకైనా జవాబు దొరక్కుండా పోతుందా? పోతే ఆ వాక్యం ఉండాలి, అక్షరం మారకుండా ఉండాలి. పోకపోతే అది ఉట్టి చప్పుడే. ‘గమనించడమైనది’ తీసేస్తే ఏమీ పోదు. ‘పర్యవసానాలకు మీరే బాధ్యులు’ తీసేసినా పోదు. బాధ్యత చట్టం నుంచి వస్తుంది కానీ మనం కోప్పడితే రాదు. ‘పలుమార్లు గుర్తుచేసినప్పటికీ’ అన్నది ఇంకా ప్రమాదం. ఎప్పుడెప్పుడు గుర్తుచేశారో చూపించమంటే తేదీలు బయటికి తీయాలి. తేదీలుంటే ఆ తేదీలే రాయొచ్చు, లేకపోతే ఆ మాటే అనకూడదు. ‘ఈ లేఖ అందిన 7 రోజుల్లోగా’ అన్నదీ చూడండి. ఎవరికి, ఎప్పుడు అందింది? గడువు ఆగస్టు 13నే తీరిపోయినప్పుడు మళ్లీ ఈ 7 రోజులేమిటి? గడువు పెంచినట్టా? అవతలి వకీలు పట్టుకోవడానికి ఇది చాలు.

మెత్తగా రాయబోయి చేసే పొరపాటు దీనికి సరిగ్గా అటువైపు ఉంటుంది. ‘మీకు వీలున్నప్పుడు పంపండి’, ‘తొందరేం లేదు, చూసుకుని చెప్పండి’, ‘వడ్డీ సంగతి మనలో మనకెందుకులెండి’. ఫోన్లో పాత పార్టీతో మనం మాట్లాడే తీరు ఇదే, అందులో తప్పు లేదు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం మొదటి రెండు మాటలు గడువును, మూడోది వడ్డీని నీరుగారుస్తాయి. మర్యాద పలకరింపులో చూపించొచ్చు, అడిగే పద్ధతిలో చూపించొచ్చు, అవతలివాళ్లకు ఉన్న ఇబ్బంది తెలుసుకోవడంలో చూపించొచ్చు. తేదీకి, మొత్తానికి, వడ్డీ రేటుకు మర్యాద అంటించకూడదు.

వడ్డీ లెక్క కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే చాలా ఉత్తరాల్లో అది తప్పుగా ఉంటుంది. ఈ చట్టంలోని సెక్షన్ 16 ప్రకారం, రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. 2024లో బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లంటే ఏడాదికి 20.25, నెలకు 1.6875 శాతం. 4,72,000 మీద మొదటి నెల, అంటే ఆగస్టు 14 నుంచి సెప్టెంబర్ 13 దాకా, 7,965 రూపాయలు. రెండో నెల వడ్డీ 4,79,965 మీద పడుతుంది కాబట్టి 8,099 దాటుతుంది. వడ్డీ ఇవ్వనక్కర్లేదని పీవోలో రాయించుకున్నా చెల్లదు. ఒప్పందం ఏమన్నా సరే ఈ వడ్డీ వర్తిస్తుందని సెక్షన్ అంటోంది. అయితే బ్యాంక్ రేటు మారుతూ ఉంటుంది. 2025లో నాలుగు సార్లు తగ్గి డిసెంబర్ నాటికి 5.50కి వచ్చింది. మూసలో 20.25 అని అచ్చుగుద్దేసి వదిలేసిన వాళ్లు ఆ తర్వాత బిల్లుల మీద హక్కుకు మించి అడుగుతున్నట్టే. రేటును మూసలో రాయకుండా విడిగా ఒక గడిలో ఉంచి, రిజర్వ్ బ్యాంక్ మార్చినప్పుడల్లా మార్చుకోవాలి.

ఈ చట్టం అందరికీ కాదని కూడా ఇక్కడే చెప్పాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకే ఈ 45 రోజుల రక్షణ. పేరులో ‘మధ్యతరహా’ ఉన్నా వాటికి వర్తించదు. వ్యాపారులు, అంటే సరుకు కొని అమ్మేవాళ్లు, 2021 నుంచి ఉద్యమ్‌లో నమోదు చేసుకోవచ్చు గానీ ఆ నమోదు బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. అట్టపెట్టెలు తయారుచేసేవాళ్ల ఉత్తరాన్ని పక్క వీధి హోల్‌సేల్ కొట్టు కాపీ కొడితే సెక్షన్ 16 అక్కడ పనికిరాదు. వాళ్లు బిల్లు మీదో పీవోలోనో ఒప్పుకున్న వడ్డీనే అడగాలి.

ఇన్నీ దృష్టిలో పెట్టుకుని జీడిమెట్ల వాళ్లు 2024 సెప్టెంబర్ 14న పంపదగిన ఉత్తరం ఇలా ఉంటుంది. పేర్లు, నంబర్లు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టాను.

విషయం: బిల్లు 218, రూ. 4,72,000: మీ వైపు ఎక్కడ ఆగింది?

……… గారికి నమస్కారం.

జూన్‌లో మీ గుంటూరు గోడౌన్‌కు పంపిన అట్టపెట్టెల బిల్లు గురించి రాస్తున్నాను. వానకు తడిసిన 160 పెట్టెలను జూన్ 29న మార్చి ఇచ్చాం. ఆ తర్వాత సరుకు మీద మీ నుంచి వేరే అభ్యంతరం ఏదీ మాకు రాలేదు. బిల్లు డబ్బు మాత్రం ఇంకా అందలేదు. మీ దగ్గర ఏ కాగితమైనా తక్కువై ఆగిందేమో చెప్పండి, ఈ రోజే పంపుతాను.

బిల్లు నంబరు 218, తేదీ 10-06-2024. మీ పీవో నంబరు ………. సరుకు చేరింది 12-06-2024, మార్పిడి పూర్తయింది 29-06-2024. రావలసినది రూ. 4,72,000, జీఎస్టీతో కలిపి. గడువు తేదీ 13-08-2024.

పీవోలో 60 రోజులని ఉంది కదా, ఈ గడువేమిటని మీకు అనిపించవచ్చు. మాది ఉద్యమ్‌లో నమోదైన చిన్న పరిశ్రమ (నంబరు ………). ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006లోని సెక్షన్ 15 ప్రకారం గడువు 45 రోజులు మించడానికి లేదు. సెక్షన్ 16 ప్రకారం 14-08-2024 నుంచి బ్యాంక్ రేటు 6.75 శాతానికి మూడు రెట్లు, అంటే ఏడాదికి 20.25 శాతం చొప్పున, నెలనెలా కలిసే చక్రవడ్డీ వర్తిస్తుంది. 13-09-2024 వరకు అది రూ. 7,965. బిల్లు మొత్తం 24-09-2024 లోగా మా ఖాతాకు చేరితే మాత్రమే ఈ బిల్లు మీద వడ్డీ అడగం; ఆ తేదీ దాటితే వడ్డీ 14-08-2024 నుంచే వర్తిస్తుంది. ఈ ఒక్క వెసులుబాటు తప్ప, చట్టం ప్రకారం మాకున్న ఏ హక్కునూ ఈ ఉత్తరంతో వదులుకోవడం లేదు.

ఈ మెయిల్‌కే జవాబుగా రెండు సంగతులు రాయండి. మీ పుస్తకాల్లో కూడా మాకు ఇవ్వాల్సింది ఇంతే ఉందా? ఏ తేదీన పంపగలరు? మొత్తంలో తేడా కనిపిస్తే ఆ లెక్క పంపండి, కూర్చుని సరిచూసుకుందాం.

ఇట్లు, ………, అకౌంట్స్. ఫోన్ ………, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా నేనే ఎత్తుతాను.

దీన్ని మొదటి మూసతో పోల్చితే చట్టం సంగతులు తగ్గలేదు, పెరిగాయి. మూసలో సెక్షన్ ఒక్కటీ లేదు, ఇక్కడ రెండున్నాయి. తేదీ ఒక్కటీ లేదు, ఇక్కడ ప్రతిదానికీ ఉంది. పోయినవి బెదిరింపులు మాత్రమే. అయినా చదివేవాళ్లకు ఇది నోటీసులా అనిపించదు, ఎందుకంటే మొదటి పేరాలో తనకు తెలిసిన వాన, తనకు తెలిసిన పెట్టెలు ఉన్నాయి. ఆ పేరా ఉట్టి మర్యాద కోసం పెట్టింది కాదు. గడువు జూన్ 29 నుంచి ఎందుకు లెక్కేశామో చెప్పే సాక్ష్యం కూడా అదే. చట్టానికి కావలసిన విషయం, మనిషికి గుర్తున్న విషయం ఒక్కటే అయిన చోటు దొరికితే దాన్ని ముందు పెట్టాలి.

వడ్డీ గురించి రాసిన తీరును కూడా చూడండి. చిన్న పరిశ్రమల వాళ్లు వడ్డీ అడగడానికి జంకుతారు. ఆర్డర్లు పోతాయన్న భయం. అందుకని అసలు ప్రస్తావించరు, లేదా ‘వడ్డీ వద్దులెండి’ అని రాసేస్తారు. మూడో దారి ఉంది. వడ్డీ ఎంతయిందో రూపాయలతో చూపించి, ఒక తేదీకి కట్టుబడితే వదులుకుంటామని చెప్పడం. అప్పుడు షరతు, తేదీ, దాటితే ఏమవుతుందో, మూడూ ఒకే చోట ఉండాలి. వదులుకునే మాట ఒక ఉత్తరంలో, షరతు ఇంకో ఉత్తరంలో ఉంటే మొదటి ఉత్తరం మాత్రమే పార్టీ ఫైల్లో ఉంటుంది.

ఇక జవాబు సంగతి. మామూలుగా ఇలాంటి బాకీ మీద దావా వేయడానికి కాలపరిమితి చట్టం మూడేళ్లు ఇస్తుంది. మనం ఎన్ని రిమైండర్లు పంపినా ఆ మూడేళ్లు ఒక్క రోజు కూడా పెరగవు. నాలుగేళ్ల బాకీకి యాభై ఉత్తరాలు చూపించినా లాభం లేదు. పెరిగేది, గడువు దాటక ముందే అవతలివాళ్లు బాకీ ఉందని రాసి సంతకం చేసినప్పుడు. ఆ చట్టంలోని సెక్షన్ 18 ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అంటే ఈ ఉత్తరం వల్ల మనకు వచ్చే గట్టి లాభం మనం రాసిన దానిలో లేదు, వాళ్లు రాయబోయే దానిలో ఉంది. ‘మీ పుస్తకాల్లో కూడా ఇంతే ఉందా’ అనే ప్రశ్న స్నేహంగా అడిగినదే, కానీ దానికి ‘అవును, నెలాఖరుకు పంపుతాం’ అని వచ్చే ఒక్క ముక్క వకీలుకు బంగారం. మెయిల్‌లో వచ్చిన అలాంటి ఒప్పుకోలు పనికొస్తుంది గానీ, ఏడాదికోసారి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం మీద సంతకం, స్టాంపు వేయించుకోవడం ఇంకా గట్టిది. ‘ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు’ అని ఉన్న మూస చేసే నష్టం ఇప్పుడు తెలిసింది కదా. ఉత్తరం వెళ్లే చిరునామా మనిషి చూసే పెట్టె అయి ఉండాలి. ఈ ఒక్క మార్పు మాటల్లో చేసే మార్పులన్నిటికంటే ఎక్కువ డబ్బు తెస్తుందని నా అభిప్రాయం.

ఉన్న చట్టాలన్నీ ఒకే ఉత్తరంలో కుక్కడం ఇంకో అలవాటు. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో కొత్త నిబంధన, 43బి(హెచ్), చేరాక ప్రతి రిమైండర్ అడుగునా అది కనిపించడం మొదలైంది. చిన్న పరిశ్రమకు గడువు దాటాక ఇచ్చిన డబ్బును, కొన్నవాళ్లు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలన్నది దాని సారాంశం. జూన్ బిల్లును సెప్టెంబర్‌లో కట్టినా, జనవరిలో కట్టినా అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి గుంటూరు కంపెనీకి ఆ నిబంధనతో పోయేది ఏమీ లేదు. వాళ్ల ఆడిటర్‌కు అది తెలుసు. సెప్టెంబర్‌లో దాన్ని చూపించి బెదిరిస్తే రాసినవాళ్లకు తెలియదని తేలిపోతుంది. మార్చి 31 దాటితే నష్టం కాబట్టి ఆ వాక్యం ఫిబ్రవరి, మార్చి ఉత్తరాల్లో పెడితే పని చేస్తుంది. అది కూడా బెదిరింపుగా కాకుండా, ‘మార్చి 31 లోగా కడితే ఈ ఖర్చు మీకు ఈ ఏడాదిలోనే వస్తుంది, మీ ఆడిటర్ గారిని ఒకసారి అడగండి’ అంటే చాలు. ఒక జాగ్రత్త: 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, పాత సెక్షన్ల నంబర్లు మారాయి. మూసలో పాత నంబరు అలాగే ఉంటే తీసేయాలి.

జీఎస్టీ నిబంధన కూడా ఇలాంటిదే. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే కొన్నవాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. మన బిల్లుకు ఆ రోజు డిసెంబర్ 7. ఇక్కడ లెక్క డెలివరీ నుంచి కాకుండా బిల్లు తేదీ నుంచి నడుస్తుందని గమనించండి. నవంబర్ మొదటి వారం ఉత్తరంలో ‘72,000 క్రెడిట్ డిసెంబర్ 7 తర్వాత వెనక్కి పోతుంది’ అని ఒక్క వాక్యం రాస్తే, పార్టీ అకౌంటెంట్ దాన్ని పట్టుకుని తన యజమాని దగ్గరికి వెళ్తాడు. మన డబ్బు కోసం వాదించడానికి అవతలి ఆఫీసులో ఒక మనిషి దొరికినట్టే.

అప్పటికీ రాకపోతే సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా అమ్మినవాళ్లున్న చోటి కౌన్సిల్ దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్. ఉత్తరంలో దీని ప్రస్తావన నిజంగా వెళ్లదలచుకున్నప్పుడే రావాలి, తేదీతో రావాలి: ‘డిసెంబర్ 20 లోగా అందకపోతే 23న కౌన్సిల్‌లో దరఖాస్తు వేస్తాం.’ ‘చట్టపరమైన చర్యలు’ అని ప్రతి వారం అన్న మూస కంటే, ఒక్కసారి అని చెప్పిన రోజున వేసినవాళ్ల మాటకు విలువ.

మార్చి రాయకూడని ఉత్తరాలూ ఉన్నాయి. గుంటూరు కంపెనీ చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయిందనుకోండి. అప్పుడు పంపేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోగా వెళ్లాలి, చెక్కు మీద ఉన్న మొత్తాన్నే అడగాలి, కట్టడానికి నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు ఉంటాయి. అందులో వడ్డీని, మిగతా బిల్లులను కలగలిపి ఒకే మొత్తంగా రాస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చు. దాన్ని వకీలుకు వదిలేయాలి. వాన, పెట్టెల కబుర్లు అక్కడ అక్కర్లేదు. పార్టీతో సంబంధం నిలుపుకోవాలనుకుంటే, నోటీసు వెళ్లిన రోజే విడిగా ఫోన్ చేసి ‘కాగితం పద్ధతి ప్రకారం వస్తోంది, కంగారుపడకండి, మాట్లాడుకుందాం’ అనొచ్చు. ఆ ఫోన్లో మొత్తం గురించి, గడువు గురించి కొత్త మాట ఇవ్వకుండా ఉంటే చాలు.

గుంటూరు నుంచి సెప్టెంబర్ 18న జవాబు వచ్చిందనుకుందాం: ‘మొత్తం సరే. 24న మూడు లక్షలు, మిగతాది అక్టోబర్ 10న.’ బాకీ ఒప్పుకున్నారు, తేదీలు ఇచ్చారు. కానీ వడ్డీ వెసులుబాటు 24 లోగా మొత్తం చేరితేనే. ఇక్కడ మౌనంగా ఉంటే ఆ వెసులుబాటు అక్టోబర్ 10 దాకా పొడిగించామని వాళ్లు అనుకుంటారు. కాబట్టి ఆ రోజే రెండు ముక్కలు రాయాలి. ‘మీ జవాబుకు సంతోషం. 24న మూడు లక్షలు, అక్టోబర్ 10న 1,72,000 అని నమోదు చేసుకున్నాం. 24 లోగా మొత్తం రావడం లేదు కాబట్టి వడ్డీ మీద మా 14వ తేదీ మెయిల్‌లోని షరతు అలాగే ఉంటుంది.’ వడ్డీ నిజంగా వదిలేయాలనుకుంటే అదీ తేదీ వేసి రాయొచ్చు. అది యజమాని నిర్ణయించాల్సిన సంగతి, గుమాస్తాది కాదు, సాఫ్ట్‌వేర్‌ది అంతకన్నా కాదు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ బిల్లు ఎదుట రిమైండర్లను అక్టోబర్ 11 దాకా ఆపాలి. లేకపోతే 25న, మూడు లక్షలు అందిన మర్నాడే, ‘మీ నుంచి ఎలాంటి స్పందన లేదు’ అంటూ పాత మూస మళ్లీ గుంటూరు చేరుతుంది.